పెట్టెలో తగ్గిన ఒక్క ప్యాకెట్: లుక్అప్ టేబుల్‌లో రెండు బిట్లు కలిసి మారినప్పుడు

పాత లాజిక్ కార్డులను ఎఫ్‌పీజీఏల మీదికి మార్చే పని నాది. ఈ కేసు హైదరాబాద్‌లోని జీడిమెట్ల వైపు యంత్రాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌ది. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఆనవాలు పట్టించే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. సర్క్యూట్ మాత్రం ఉన్నదున్నట్టే ఉంది.

నేపథ్యం

బెల్టు మీద వచ్చే ప్యాకెట్లను లెక్కపెట్టి, 24 పడగానే పెట్టె మార్చే యంత్రం అది. బెల్టు పక్కన రెండు కాంతి సెన్సర్లున్నాయి. పొడుగు ప్యాకెట్లను పై సెన్సర్ `a`తో, పొట్టివాటిని కింది సెన్సర్ `b`తో లెక్కిస్తారు. పొడుగు ప్యాకెట్ ఎదురుగా ఉంటే రెండూ 1 అవుతాయి. ఏ సెన్సర్‌ను నమ్మాలో ముందున్న యంత్రం చెబుతుంది, ఆ సూచన ప్యాకెట్ సెన్సర్ల ముందున్నప్పుడే మారవచ్చు. అలాంటప్పుడు కూడా ఆ ప్యాకెట్ ఒక్కసారే లెక్కకు రావాలి.

పాత కార్డు 74 సిరీస్ గేట్లతో కట్టినది. సెన్సర్‌ను ఎంచడానికి అందులో ఒకే వైరు, `s`. లాజిక్ `s·a + s'·b`. దానికి తోడు ఎప్పుడో ఒక పెద్దాయన `a·b` అనే మూడో గేటు కూడా పెట్టారు. తర్కం ప్రకారం అది అక్కర్లేదు. కానీ `a`, `b` రెండూ 1గా ఉండగా `s` మారితే, ఒక ఆండ్ గేటు ఆరిపోయి రెండోది వెలిగేలోపు అవుట్‌పుట్ క్షణకాలం 0కి జారుతుంది. ఆ జారుడును ఆపడానికే మూడో గేటు. అది తెలిసి చేసిన పని, ఆ కార్డు ఏళ్ల తరబడి సరిగ్గా నడిచింది.

విడిభాగాలు దొరక్క కొత్త కార్డు చేయాల్సి వచ్చింది. యూనిట్‌లోని యువ ఇంజనీర్ లాటిస్ ఐస్40 హెచ్ఎక్స్1కే చిప్‌ను ఎంచుకున్నాడు. అందులో 1280 లాజిక్ సెల్స్ ఉంటాయి, ఒక్కో సెల్‌లో నాలుగు ఇన్‌పుట్ల లుక్అప్ టేబుల్ ఒకటి, దాని వెనకే ఒక ఫ్లిప్‌ఫ్లాప్. ఈ పనికి అది ఎక్కువే. మార్చేటప్పుడు అతను ఒక మంచి సదుపాయం కూడా చేర్చాడు. బెల్టు ఆగినప్పుడు పనివాళ్లు చేతులు పెట్టి ఇరుక్కున్న ప్యాకెట్లు తీస్తారు, ఆ చేతులు లెక్కలోకి రాకూడదు. అందుకని `s` అనే ఒక్క వైరు స్థానంలో రెండు బిట్ల స్టేట్ పెట్టాడు: 00 అంటే ఆగింది, 01 అంటే పై సెన్సర్, 10 అంటే కింది సెన్సర్. 11 వాడలేదు.

```
assign y = (~q1 & q0 & a) | (q1 & ~q0 & b);
always @(posedge y) count <= count + 1;
```

రెండో లైనును గుర్తుంచుకోండి. `y` నేరుగా కౌంటర్‌కు క్లాక్ అయింది. పాత కార్డులో అలాగే ఉండేది, అతను దాన్నే దింపాడు.

వచ్చిన సమస్య

“సార్, మిషన్ 24 అని చూపిస్తది, పెట్టె తెరిస్తే 23 ఉంటయి. రోజుకు రెండు మూడు పెట్టెలు వాపస్ వస్తున్నయి” అని యజమాని ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి ఇంజనీర్ వారం రోజులుగా దీని మీదే కూర్చున్నాడు. సిమ్యులేషన్‌లో తప్పు లేదు. 100 మెగాహెర్ట్జ్ స్కోపులో `y` నిక్కచ్చిగా ఉంది. అన్నిటికంటే అతన్ని కుంగదీసింది మరొకటి: సంబంధం లేని చోట, డిస్‌ప్లే కోడ్‌లో ఒక లైను మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే తప్పు మాయమవుతుంది. ఇంకో లైను మారిస్తే తిరిగొస్తుంది.

ఆ ఆఖరి మాట వినగానే నా అనుమానం వైరింగ్ ఆలస్యాల మీదికి పోయింది. లాజిక్ అదే ఉండి, చిప్‌లో దాని చోటు మారితే ప్రవర్తన మారుతోందంటే, ఏదో రెండు సిగ్నళ్ల మధ్య పరుగు పందెం నడుస్తోందన్నమాట. స్కోపులో కనబడకపోవడం ఆశ్చర్యం కాదు. ఒకట్రెండు నానోసెకన్ల పల్స్ చిప్ పిన్ దాటి బయటికి వచ్చేలోపే అణగిపోతుంది, వచ్చినా ఆ స్కోపు దాన్ని చూపలేదు. చిప్ లోపలి ఫ్లిప్‌ఫ్లాప్‌కు మాత్రం అది చాలు. అందుకని అలాంటి పల్స్‌ను పట్టడానికి లోపలే ఇంకో కౌంటర్ పెట్టాలి. నేను మొదట చేసిన పని అదే: `a`, `b` రెండింటినీ 1కి కట్టేసి, స్టేట్‌ను 01, 10 మధ్య మిల్లీసెకనుకు ఒకసారి మారుస్తూ, `y` ఎన్ని అంచులు ఇస్తోందో లెక్కించే చిన్న పరీక్ష బిల్డ్. `y` ఎప్పుడూ 1గానే ఉండాలి, లెక్క కదలకూడదు. కదిలింది. అదీ ఒక దిక్కులోనే: 01 నుంచి 10కి వెళ్లినప్పుడు దాదాపు ప్రతిసారీ ఒక అంచు, తిరిగి వచ్చేటప్పుడు ఒక్కటీ లేదు.

ఇంజనీర్ ప్రయత్నించినవి, అవి ఎందుకు ఫలించలేదు

అతను పాత స్కీమాటిక్ చదివి `a·b` గేటు ఉద్దేశాన్ని సరిగ్గానే గ్రహించాడు. మొదట ఆ పదాన్నే తెచ్చి సమీకరణానికి కలిపాడు. తప్పు లెక్క ఆగింది కానీ, బెల్టు ఆగి ఉండగా రెండు సెన్సర్ల ముందూ చెయ్యి పడితే అదీ లెక్కలోకి వచ్చింది. పాత సమీకరణంలో `a·b` తర్కాన్ని మార్చని పదం, కొత్తదానిలో మారుస్తుంది.

దాంతో జాగ్రత్తపడి `a & b & (q1 ^ q0)` అని రాశాడు. ఇది నిజంగానే అదనపు పదం, సత్యపట్టికలో దేన్నీ మార్చదు. తప్పు మాత్రం మునుపటిలాగే ఉంది. సింథసిస్ రిపోర్టు చూస్తే ఆ లాజిక్‌కు అంతకుముందూ ఒకటే `SB_LUT4`, ఇప్పుడూ ఒకటే. “సార్, నేను రాసిన గేటును టూల్ తినేసింది” అన్నాడు. `(* keep *)` పెట్టి ఒక్కో పదాన్నీ విడిగా నిలబెట్టాడు. అప్పుడు నాలుగు టేబుళ్లయ్యాయి, తప్పులు ఇంకా పెరిగాయి.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే అతని ఆలోచనలో లోపం ఒక్కచోటే ఉంది. చిప్‌లో గేట్లున్నాయని అతను అనుకుంటున్నాడు. అక్కడ గేట్లు లేవు.

టేబుల్ లోపల ఏముంది

నాలుగు ఇన్‌పుట్ల లుక్అప్ టేబుల్ అంటే 16 మెమరీ బిట్లు, వాటిలో ఒకదాన్ని అవుట్‌పుట్‌కు చేర్చే మల్టీప్లెక్సర్ల చెట్టు. నాలుగు ఇన్‌పుట్లూ కలిసి ఒక చిరునామా. ఆ చిరునామాలో ఏ బిట్ ఉంటే అదే జవాబు. 16 బిట్లను 65,536 రకాలుగా నింపవచ్చు, నాలుగు ఇన్‌పుట్లతో రాయగలిగే ప్రతి ఫంక్షనూ వాటిలో ఒకటి. అందుకే సమీకరణం పొట్టిదా పొడుగుదా అన్న ప్రశ్నకు ఇక్కడ అర్థం లేదు. రెండు పదాలతో రాసినా, ఇరవై పదాలతో రాసినా, టూల్ పట్టికను లెక్కగట్టి 16 బిట్లు నింపుతుంది. కార్నో మ్యాప్ గీసి పదాలు తగ్గించినా ఒక్క టేబుల్ కూడా ఆదా కాదు. లెక్కకు వచ్చేది ఇన్‌పుట్ల సంఖ్యే.

మన ఫంక్షన్‌ను చేత్తోనే నింపుదాం. `q1` పై బిట్, తర్వాత `q0`, `a`, చివర `b`.

```
q1q0   ab=00  01  10  11   చిరునామాలు
00        0   0   0   0     0–3
01        0   0   1   1     4–7
10        0   1   0   1     8–11
11        0   0   0   0    12–15
```

పదిహేనో చిరునామా నుంచి సున్నా దాకా నాలుగేసి బిట్లుగా చదివితే 0000, 1010, 1100, 0000. హెక్స్‌లో 0AC0. అంటే ఈ ఒక్క లైను మొత్తం సమీకరణానికి సమానం:

```
SB_LUT4 #(.LUT_INIT(16'h0AC0)) u1
  (.O(y), .I3(q1), .I2(q0), .I1(a), .I0(b));
```

నేను అతని రెండు బిల్డుల నెట్‌లిస్టులు తెరిచి `LUT_INIT` విలువలు పక్కపక్కన పెట్టాను. ఒక జాగ్రత్త: టూల్ తనకు నచ్చినట్టు పిన్లను అటూ ఇటూ మార్చుకుంటుంది, దాంతో హెక్స్ విలువ వేరుగా కనిపిస్తుంది. ఏ పిన్‌కు ఏ సిగ్నల్ వచ్చిందో చూసి, వరుస సర్ది, అప్పుడు పోల్చాలి. సర్దాక రెండూ 0AC0. అదనపు పదం పెట్టినా పెట్టకపోయినా చిప్‌లోకి వెళ్లింది అవే 16 బిట్లు. టూల్ దేన్నీ తినలేదు, పట్టికలో ఆ పదానికి చోటంటూ లేదు. ఉత్త `a·b` కలిపిన మొదటి ప్రయత్నాన్ని ఇలాగే చూస్తే 8AC8 వస్తుంది. 3, 15 చిరునామాలు 1 అయ్యాయి. 3వ చిరునామా అంటే బెల్టు ఆగి ఉండగా రెండు సెన్సర్లూ మూసుకున్న స్థితి, చెయ్యి లెక్కలోకి వచ్చింది అక్కడే.

మరి గేట్లే లేకపోతే జారుడు ఎక్కడిది? ఒక్క ఇన్‌పుట్ మారినప్పుడు, పాత చిరునామాలోనూ కొత్త చిరునామాలోనూ 1 ఉంటే, చెట్టులో ఒక మెట్టు మాత్రమే కదులుతుంది. ఒక కొమ్మ వదిలి ఇంకో కొమ్మ పట్టుకునే ఆ లిప్తపాటు కూడా తీగ మీది స్వల్ప విద్యుదావేశం 1ని నిలబెడుతుంది. ఇలాంటి టేబుళ్లలో ఒకే ఇన్‌పుట్ మారితే జారుడు రాదన్నది ఈ రంగంలో అందరూ ఆధారపడే గుణం. పాత కార్డులో ఆ మూడో గేటు చేసిన పనిని ఇక్కడ టేబుల్ తానే చేస్తుంది.

మనకు మారుతున్నవి రెండు ఇన్‌పుట్లు. 01, `a`=`b`=1 అంటే 7వ చిరునామా. 10, `a`=`b`=1 అంటే 11వది. రెండింట్లోనూ 1 ఉంది. కానీ `q1`, `q0` వేర్వేరు ఫ్లిప్‌ఫ్లాపుల నుంచి వేర్వేరు తీగల మీద వస్తాయి, ఒకే క్లాక్ అంచుకు బయల్దేరినా ఒకే క్షణాన చేరవు. `q0` ముందు చేరితే చిరునామా 3. `q1` ముందు చేరితే 15. రెండింట్లోనూ 0 ఉంది. కాబట్టి ఎటునుంచి వెళ్లినా 0 గుండానే వెళ్లాలి. ఎంతసేపన్నది ఆ రెండు తీగల ఆలస్యాల తేడాను బట్టి ఉంటుంది. తేడా బాగా తక్కువైతే చెట్టు స్పందించేలోపే దాటిపోతుంది, కాస్త ఎక్కువైతే ఫ్లిప్‌ఫ్లాప్‌కు సరిపడే పల్స్ అవుతుంది. బిల్డ్ మారితే తీగలు మారతాయి. ఒక దిక్కులోనే తప్పు రావడం కూడా ఇందుకే: పైకి లేచే అంచు, కిందికి దిగే అంచు ఒకే వేగంతో ప్రయాణించవు.

ఇది పాత కార్డులోని జారుడు కాదన్నది అసలు సంగతి. అక్కడ తర్కం 1 అంటున్నా గేట్ల ఆలస్యం 0 చూపించింది, అదనపు గేటుతో అది కుదిరింది. ఇక్కడ దారి మధ్యలో ఉన్న చిరునామాలో తర్కమే 0 అంటోంది. ఎన్ని పదాలు కలిపినా, ఫంక్షన్‌ను మార్చకుండా ఆ 0ను తీయలేం. సిమ్యులేషన్‌లో `q1`, `q0` సరిగ్గా ఒకేసారి మారతాయి గనుక అక్కడ మధ్య చిరునామా కంటికే రాదు.

`keep` పెట్టినప్పుడు తప్పులు ఎందుకు పెరిగాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక టేబుల్‌కున్న ఆ గుణం నాలుగు టేబుళ్లను కలిపితే ఉండదు. ఒక టేబుల్ అవుట్‌పుట్ ఆరడానికీ ఇంకోదాని అవుట్‌పుట్ వెలగడానికీ మధ్య తీగల పొడవు వచ్చి చేరింది. అంటే అతను తెలియకుండానే 74 సిరీస్ కార్డును, పొడవాటి తీగలతో, చిప్ లోపల మళ్లీ కట్టాడు.

నేను ముందు ఎంచుకున్న దారి

ఒకేసారి రెండు బిట్లు మారకుండా చూస్తే చాలదా అనిపించింది. స్టేట్ కోడ్ మార్చాను: ఆగింది 00, పై సెన్సర్ 01, కింది సెన్సర్ 11. టూల్ తన ఇష్టప్రకారం కోడ్ మార్చకుండా `fsm_encoding` ను `"none"` చేశాను. ఇప్పుడు పట్టిక A0C0. పై సెన్సర్ నుంచి కిందిదానికి మారడమంటే 7 నుంచి 15కి, ఒకే బిట్. పరీక్ష బిల్డ్‌లో లెక్క కదలలేదు. సంతోషించాను.

ఆ సంతోషం సాయంత్రం దాకే. కింది సెన్సర్ స్థితి నుంచి బెల్టు ఆగితే 11 నుంచి 00కి పోవాలి, అది రెండు బిట్లు. ఆ క్షణంలో పై సెన్సర్ ముందు మాత్రమే ఏదైనా ఉంటే, అంటే `a`=1, `b`=0 అయితే, 14వ చిరునామా నుంచి 2వదానికి ప్రయాణం. రెండింట్లోనూ 0. కానీ `q1` ముందు దిగితే మధ్యలో 6 తగులుతుంది, అక్కడ 1 ఉంది. ఈసారి లేని ప్యాకెట్ ఒకటి పుడుతుంది. పనివాడు వంగి చెయ్యి చాచి, రెండో చేత్తో ఆపే బటన్ నొక్కే సందర్భం సరిగ్గా అదే.

మూడు స్టేట్లలో ఏ రెండింటి మధ్యనైనా ఒక్క బిట్టే మారేలా కోడ్ ఇవ్వడం అసలు కుదరదు. ఒక్క బిట్ మారిన ప్రతిసారీ 1ల సంఖ్య సరి నుంచి బేసికో, బేసి నుంచి సరికో పోతుంది. మూడు అడుగుల్లో మొదటి చోటికి తిరిగి రావాలంటే అది పొసగదు. వాడని 10ని మధ్యమెట్టుగా పెట్టి 11, 10, 00 అని దిగవచ్చు, దానికి ఒక క్లాక్ ఎక్కువ పడుతుంది. పని జరుగుతుంది, కాగితం మీద చూశాను కూడా. అయినా వదిలేశాను. కారణం: ఈ ఏర్పాటంతా ఫంక్షన్ ఒకే టేబుల్‌లో ఇమిడి ఉన్నంతవరకే. రేపు ఐదో ఇన్‌పుట్ వస్తే ఈ చిప్‌లో అది కనీసం రెండు టేబుళ్లవుతుంది, అప్పుడు నా వాదన మొత్తం కూలుతుంది. పైగా `a`, `b` ఎప్పుడైనా మారగలవు, స్టేట్ బిట్‌తో సరిగ్గా కలిసి మారితే మళ్లీ రెండు ఇన్‌పుట్లే.

పనిచేసినది

టేబుల్ అవుట్‌పుట్ మధ్యలో ఊగకుండా చేయాలన్న పట్టు వదిలి, ఊగుతున్నప్పుడు దాన్ని ఎవరూ చూడకుండా చేశాను. కార్డు మీద 12 మెగాహెర్ట్జ్ క్లాక్ ఎలాగూ ఉంది, స్టేట్ దానితోనే నడుస్తోంది. `a`, `b` లను రెండేసి ఫ్లిప్‌ఫ్లాపుల గుండా తెచ్చి ఆ క్లాక్‌కు కట్టాను. తర్వాత:

```
always @(posedge clk) begin
  y1 <= y;
  y2 <= y1;
  if (y1 & ~y2) count <= count + 1;
end
```

ఇన్‌పుట్లన్నీ క్లాక్ అంచుకే మారతాయి. `y` ఊగేదంతా ఆ తర్వాతి కొన్ని నానోసెకన్లలో ముగుస్తుంది. `y1` దాన్ని చూసేది తర్వాతి అంచున, సుమారు 83 నానోసెకన్ల తర్వాత. అప్పటికి చిరునామా కుదుటపడి ఉంటుంది, కాబట్టి మధ్యలో 3 తగిలిందా 15 తగిలిందా అన్నది లెక్కలోకే రాదు. ప్యాకెట్ సెన్సర్ ముందు పదుల మిల్లీసెకన్లు ఉంటుంది గనుక ఈ ఆలస్యం యంత్రానికి తెలియదు. ఖర్చూ దాదాపు లేదు: `y` టేబుల్ ఉన్న సెల్‌లోనే దాని వెనక ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ఖాళీగా ఉంది, `y1` అక్కడే కూర్చుంది.

ఇంకో లాభం కూడా దక్కింది. `y` క్లాక్‌గా ఉన్నన్నాళ్లూ టైమింగ్ రిపోర్టులో ఆ దారి గురించి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఇప్పుడు అన్నీ ఒకే క్లాక్ కింద ఉన్నాయి, 83 నానోసెకన్లలో `y` స్థిరపడుతుందో లేదో టూల్ ప్రతి బిల్డ్‌లోనూ తనే చూసి చెబుతుంది.

అదే పరీక్షను మళ్లీ నడిపాం. సెకనుకు వెయ్యి మార్పులు, 10 లక్షల దాకా, అంటే 17 నిమిషాలకు కొంచెం తక్కువ. `a`, `b` నాలుగు కలయికలకూ, మూడు స్టేట్ల మధ్య ఆరు దిక్కుల్లోనూ విడివిడిగా. ఈసారి స్టేట్ కోడ్‌ను కావాలనే ఇంజనీర్ మొదట రాసిన 00, 01, 10కి తిప్పాను, అన్నిటికంటే చెడ్డ దారిలో పరీక్షించాలని. ప్రతి కలయికలోనూ రావాల్సిన లెక్కే వచ్చింది. డిస్‌ప్లే కోడ్‌ను అతనితోనే నాలుగు రకాలుగా మార్పించి బిల్డ్ చేయించాను, ఏదీ మారలేదు.

ఇందులోంచి నేను పట్టుకెళ్లినవి

టేబుల్ అనుమానం వచ్చినప్పుడు ఇప్పుడు నేను సమీకరణం చూడను. 16 బిట్లనూ నాలుగు వరుసల్లో రాసుకుని, పాత చిరునామా మీద ఒక వేలు, కొత్తదాని మీద ఒక వేలు పెట్టి, మారే బిట్లను ఒక్కొక్కటిగా మార్చి మధ్య గడులు చూస్తాను. మారేవి రెండైతే మధ్య గడులు రెండు, మూడైతే ఆరు. అన్నింట్లోనూ అదే విలువ ఉంటే ఆ మార్పు క్షేమం, ఒక్కటి వేరుగా ఉన్నా పల్స్ రావచ్చు. ఆరు ఇన్‌పుట్ల టేబుళ్లున్న చిప్‌లలోనూ పద్ధతి ఇదే, గడులు 64 అవుతాయంతే. ఈ పరీక్ష ఫంక్షన్ ఒకే టేబుల్‌లో ఉంటేనే చెల్లుతుంది, కాబట్టి రిపోర్టులో టేబుళ్ల సంఖ్యను ముందు చూడాలి.

గేట్ల కార్డును మార్చేటప్పుడు స్కీమాటిక్‌లో తర్కానికి అక్కర్లేని గేటు కనబడితే, అది ఏ ప్రమాదాన్ని ఆపడానికి ఉందో అడిగి తెలుసుకుని, ఆ ప్రమాదం కొత్త చోట ఏ రూపంలో ఉంటుందో వెతకాలి. గేటును మాత్రం దింపకూడదు. ఆ యువకుడు గేటు ఉద్దేశాన్ని కనిపెట్టాడు, అది చిన్న విషయం కాదు. ఆ ఉద్దేశం ఒక బిట్ మారే సర్క్యూట్‌కు చెందినదని, తాను దాన్ని రెండు బిట్లకు మార్చానని మాత్రం కలిపి చూసుకోలేదు.

మూడు వారాల తర్వాత యజమాని మళ్లీ ఫోన్ చేశారు. “సార్, తలుపు తెరిచి ఉంటే లెక్క ఆగేటట్టు పెట్టాలె, ఎంత పని?” తలుపు స్విచ్ ఐదో ఇన్‌పుట్, `y` రెండు టేబుళ్లయింది. ఇంజనీరే ఆ స్విచ్‌కు రెండు ఫ్లిప్‌ఫ్లాపులు పెట్టి, 10 లక్షల పరీక్ష నడిపి, లెక్కలు నాకు పంపాడు. కౌంటర్ కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు.